ఆరో వరుస

మా అత్తయ్య రాసిన పేరాని ముక్కలు చేసి గళ్ళలో పెట్టమని ప్రిన్సిపాల్ గారు చెప్పినప్పుడు నేను పైకి తల గోక్కున్నాను గానీ లోపల మాత్రం పండగ చేసుకున్నాను. అత్తగారి వాక్యాలను కోసి దిద్దే అవకాశం ఏ కోడలికి దొరుకుతుంది చెప్పండి?

నేను నర్సింగ్ కాలేజీలో ట్యూటర్ని. నాకంటే ముందు ఆ కుర్చీ మా అత్తయ్యదే. ఆవిడ రిటైరయ్యారు, కుర్చీ నాకొచ్చింది, పేరు మాత్రం రాలేదు. కాలేజీలో అందరికీ ఇప్పటికీ ఆవిడే పెద్దమేడమ్. నేను పెద్దమేడమ్ గారి కోడల్ని. అటెండరు కూడా అలాగే పిలుస్తాడు.

ఆ పేరా మందులు ఇచ్చే ప్రాక్టికల్ పరీక్షకి సంబంధించింది. విద్యార్థి నుంచి ఏం ఆశిస్తామో, దేన్ని చూసి మార్కులు వేస్తామో అందులో ఉంటుంది. అత్తయ్య ఏనాడో రాసి ల్యాబ్ గోడకి అంటించారు. ఇలా ఉండేది:

“విద్యార్థి చేతులు సరిగ్గా కడుక్కుని, రోగిని మర్యాదగా పలకరించాలి. కావలసిన సామగ్రి ముందే సర్దుకోవాలి. ఏ మందు ఎందుకు ఇస్తున్నారో రోగికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. నొప్పి తెలియకుండా, శుభ్రంగా ఇంజక్షన్ ఇవ్వాలి. వెంటనే చార్టులో స్పష్టంగా రాయాలి. రోగిని పేరు, పుట్టిన తేదీ రెండూ అడిగి, చేతిపట్టీతోనూ చార్టుతోనూ సరిచూడకుండా మందు ఇచ్చినవారు, మిగతాదంతా ఎంత బాగా చేసినా ఉత్తీర్ణులు కారు.”

చదవడానికి బాగానే ఉంటుంది. మార్కులు వేయడానికి కూర్చుంటేనే ఇబ్బంది. ‘మర్యాదగా’ అంటే ఎంత? ‘స్పష్టంగా’ అంటే ఎవరి కళ్ళకి? ఒకే విద్యార్థికి నేనొక మార్కు వేస్తే, కొత్తగా చేరిన ట్యూటరు ఇంకో మార్కు వేసేది. మార్కు ఎక్కడ పోయిందో పిల్లలకి అర్థమయ్యేది కాదు, అడిగితే మాకూ చెప్పడం వచ్చేది కాదు. అందుకే అన్ని సబ్జెక్టులకూ రూబ్రిక్ ఉండాలన్నారు ప్రిన్సిపాల్ గారు. రూబ్రిక్ అంటే గళ్ళ పట్టికే. దేన్ని చూస్తామో అది ఎడమవైపు వరుసల్లో, ఎంత బాగా చేశారన్నది పైన నిలువు గడుల్లో. రెండూ కలిసే ప్రతి గడిలో, ఆ స్థాయిలో ఆ పని ఎలా కనిపిస్తుందో రాయాలి.

సెలవు రోజు పొద్దున్నే భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా అత్తయ్య చిక్కుడుకాయలు ఈనె తీస్తున్నారు. అంత పెద్ద బల్లకి నాకెదురుగానే చోటు దొరికిందావిడకి.

“నా పేరాకేం రోగమొచ్చిందమ్మాయ్?” అన్నారు.

“రోగం కాదత్తయ్యా, ఆపరేషన్. చూడండి, మొదటి వాక్యంలోనే రెండు పనులున్నాయి. చేతులు కడగడం ఒకటి, పలకరించడం ఒకటి. చేతులు కడిగి పలకరించకపోతే ఎంత వేయాలి? పలకరించి కడగకపోతే?”

“చీవాట్లు వేయాలి.”

“దానికి గడి లేదు.” 

ఆవిడ మూతి ముడిచారు గానీ చేతిలో పని ఆపి స్క్రీన్ వైపు వంగారు. నిజం చెప్పాలి, నా పని నాకే ముచ్చటగా ఉంది. చేతులు కడగడాన్ని మొదటి వరుస చేశాను. సామగ్రి రెండోది. పలకరింపునీ మందు గురించి చెప్పడాన్నీ కలిపి ‘రోగితో మాట్లాడే తీరు’ అని మూడోది. ఇంజక్షన్ ఇవ్వడం నాలుగు, చార్టు రాయడం ఐదు. పైన నాలుగు స్థాయిలు పెట్టాను. అత్యుత్తమం నాలుగు మార్కులు, బాగుంది మూడు, ఫరవాలేదు రెండు, మెరుగుపడాలి ఒకటి. గడుల్లో ‘చక్కగా’, ‘బాగా’ లాంటి మాటలు తీసేసి కంటికి కనిపించేవే రాశాను. ‘స్పష్టంగా రాశారు’ బదులు ‘మందు, మోతాదు, సమయం, సంతకం నాలుగూ ఉన్నాయి’ అని. దీన్ని చూసి ఎవరు మార్కులేసినా ఒకటే రావాలి.

చివరికి ఆ పొడుగు వాక్యం మిగిలింది. సరిచూడకపోతే ఉత్తీర్ణులు కారు.

దాన్నీ వరుస చేశాను. ఆరో వరుస, ‘రోగి గుర్తింపు’. కాలేజీ ఇచ్చిన నమూనా పట్టికలో ప్రతి వరుసకీ నాలుగు గడులూ నింపితే తప్ప ముందుకి కదలదు. నింపాను. పేరు, తేదీ, పట్టీ మూడూ సరిచూశారు, నాలుగు. రెండు సరిచూశారు, మూడు. ఒకటి సరిచూశారు, రెండు. ఏదీ చూడలేదు, ఒకటి. ఎంత తీరుగా కుదిరిందో! మెట్లలాగా వచ్చింది. మిగతా వరుసలకంటే అదే అందంగా ఉందనుకున్నాను.

మొత్తం ఇరవై నాలుగు. పదిహేను వస్తే ఉత్తీర్ణత.

“అయిపోయిందత్తయ్యా. చదవనా?”

“ఇప్పుడు కాదులే, కళ్ళజోడు లోపలుంది” అంటూ చిక్కుడుకాయల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. అలిగారని నవ్వుకున్నాను.

ఊరికే అలా వాడేయలేదండీ. కొత్త ట్యూటరూ నేనూ కూర్చుని పాత పరీక్షల వీడియోలు పెట్టుకుని, ఒకరి కాగితం ఒకరు చూడకుండా మార్కులేసుకున్నాం. ఇద్దరికీ దాదాపు ఒకే మార్కులు వచ్చాయి. ఆ వీడియోల్లో పిల్లలందరూ రోగిని పేరడిగినవాళ్ళే, పట్టీ చూసినవాళ్ళే. ఆరో వరుసలో అందరికీ నాలుగే. ఆ వరుస దగ్గర మేమిద్దరం ఆగాల్సిన అవసరమే రాలేదు. ప్రిన్సిపాల్ గారు మిగతా డిపార్ట్‌మెంట్లకి నా పట్టికని చూపించి మెచ్చుకున్నారు. పరీక్షకి చాలా ముందే విద్యార్థులందరికీ కాపీలిచ్చాం. దేనికెన్ని మార్కులో ముందే తెలిస్తే చదువు తేలికవుతుంది కదా.

కాపీ అందుకున్నవాళ్ళలో మా వదిన కూతురూ ఉంది. అంటే మా ఆయన అక్క కూతురు, అత్తయ్యకి మనవరాలు. మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. లేచిన దగ్గర్నుంచి నోరు మూయదు కాబట్టి ఇంట్లో దాన్ని చిలకంటాం. చురుకైన పిల్ల. ముసలివాళ్ళయినా పసివాళ్ళయినా ఇట్టే మచ్చిక చేసుకుంటుంది. ఈ పరీక్ష గట్టెక్కితే ఆ మరుసటి వారం నుంచి ఆసుపత్రి వార్డులో డ్యూటీ. పక్కన ట్యూటరు ఉండదు. తన చేత్తో మనుషులకి మందులివ్వాలి.

పరీక్ష రోజు ల్యాబ్‌లో మూడు మంచాలు వేశాం. మంచానికో బొమ్మ, బొమ్మ చేతికి పేరు, పుట్టిన తేదీ రాసిన పట్టీ, మంచం కాళ్ళ దగ్గర చార్టు. రోగి తరపున బదులు చెప్పడానికి తెర వెనక ఒక సీనియర్ విద్యార్థిని. ఈ పరీక్షలో అత్తయ్య కాలం నుంచి వస్తున్న పద్ధతి ఒకటుంది. ఏదో ఒక మంచం దగ్గర పట్టీ మీద పేరు వేరే, చార్టులో పేరు వేరే ఉంటాయి. విద్యార్థి అది కనిపెట్టి, మందు ఆపి, ట్యూటరుకి చెప్పాలి. ఏ మంచమో పిల్లలకి తెలియదు. ఈసారి రెండో మంచం చార్టు మార్చాను.

ఇంటిపిల్ల కాబట్టి చిలకకి నేను మార్కులు వేయకూడదు. కొత్త ట్యూటరు వేస్తోంది, నేను అద్దం అవతల గదిలో నిలబడి చూస్తున్నాను. చీటీల్లో చిలకకి రెండో మంచం పడింది.

ఏం చెప్పను, కన్నుల పండగలా చేసింది. చేతులు కడగడం పుస్తకంలో బొమ్మలా ఉంది. ట్రే అద్దంలా సర్దింది. బొమ్మ పక్కన వంగి, “ఏంటండీ, రాత్రి నిద్ర పట్టలేదా, కళ్ళు అలా ఉన్నాయే?” అంటే తెర వెనక సీనియరు కూడా నవ్వాపుకోలేకపోయింది. ఏ మందో, ఎందుకో, ఎంత సేపట్లో నొప్పి తగ్గుతుందో విడమరిచి చెప్పింది. ఆ మాటల్లోనే చెయ్యి తుడిచింది, సూది వేసింది, దూది అద్దింది. చార్టులో మందు, మోతాదు, సమయం, సంతకం ముత్యాల్లా రాసింది.

పట్టీ వైపు చూడలేదు. పేరడగలేదు. తేదీ అడగలేదు.

అద్దానికి చెయ్యి ఆనించి నిలబడిపోయాను. ఒకరి మందు ఇంకొకరికి వేసి, దూది అద్ది, నవ్వుతూ నమస్కారం పెట్టి బయటికి వెళ్ళింది మా పిల్ల. తప్పింది, వార్డు డ్యూటీ పోయింది, వదినకి ఫోన్లో ఏం చెప్పాలి అని నా ఆలోచనలు ఎటెటో పరిగెత్తాయి. పరీక్ష తప్పిందనే అనుకున్నాను, చూడండి. నాకు ఇంకా తెలివి రాలేదు.

చిలక తర్వాత అదే మంచానికి వచ్చిన అమ్మాయిని క్లాసులో నత్తమ్మ అంటారు. ప్రతిదీ నిదానమే. చేతులు వణికాయి, ట్రేలో దూది పెట్టడం మర్చిపోయి మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంది. మాట గొణిగినట్టుంది. పేరడిగింది, తేదీ అడిగింది, పట్టీ తిప్పి చూసింది. చార్టు చూసింది. మళ్ళీ పట్టీ చూసింది. ట్రే పక్కన పెట్టేసి, ఏడుపు గొంతుతో, “మేడమ్, ఈ మందు ఈవిడది కాదు. నేను ఇవ్వను” అంది. చార్టులో ‘ఇవ్వలేదు’ అని మాత్రం రాసింది.

శభాష్ అనుకున్నాను.

పరీక్షలు ముగిశాక కొత్త ట్యూటరు కాగితాలు పట్టుకుని వచ్చింది.

“మేడమ్, ఒక్కసారి కూడి చూడండి. నేనేమైనా తప్పుగా కూడానా?”

చిలకకి ఐదు వరుసల్లో నాలుగేసి, ఆరో దాంట్లో ఒకటి. ఇరవై ఒకటి. క్లాసులో అందరికంటే ఎక్కువ.

నత్తమ్మకి చేతులకి మూడు, సామగ్రికి రెండు, మాటకి రెండు. ఇంజక్షన్ ఇవ్వలేదు కాబట్టి నాలుగో వరుసలో ఒకటి. చార్టులో కావలసినవన్నీ లేవు, రెండు. గుర్తింపుకి నాలుగు. మొత్తం పద్నాలుగు. తప్పింది.

నేను మళ్ళీ కూడాను. వేళ్ళు మడిచి కూడాను. కూడిక తప్పు కాదు. నేను చెక్కిన పట్టిక చెప్పినట్టే, గడి గడికీ సరిగ్గా వేసింది కొత్త ట్యూటరు. పరాయి మనిషికి మందు పొడిచిన అమ్మాయి మొదటి స్థానంలో నిలబడింది. ఆపిన అమ్మాయి ఆపినందుకే తప్పింది. నాలుగో వరుసలో సూది వేస్తేనే మార్కులని రాసిందెవరు? నేనే కదా.

‘మిగతాదంతా ఎంత బాగా చేసినా’ అని అత్తయ్య రాసిన వాక్యం వరుస కాదు. అది గుమ్మం. గుమ్మం దాటితేనే లోపల మిగతా వరుసలు. దాన్ని తెచ్చి నేను ఆరో వంతు మార్కులకి కుదించి గళ్ళ మధ్య కూర్చోబెట్టాను. పేరాలో ఉన్న ప్రతి మాటా పట్టికలో ఉంది, ఆ వాక్యం బలం ఒక్కటే లేదు.

ఇంటికెళ్ళేసరికి చిలక అమ్మమ్మని పట్టుకుని గిరగిరా తిప్పుతోంది. ఫలితాలు ఫోన్లోకి వచ్చేశాయట.

“అమ్మమ్మా, ఇరవై ఒకటి! క్లాస్ ఫస్టు!”

“ఆపవే, తల తిరుగుతోంది” అని నవ్వుతూ కుర్చీలో కూర్చున్నారు అత్తయ్య. “ఇంతకీ ఎవరికి వేశావు ఇంజక్షన్? పేరేంటి ఆవిడది?”

“బొమ్మకి పేరేంటమ్మమ్మా!”

అత్తయ్య నవ్వు అలాగే ఆగిపోయింది. నా వైపు చూశారు. నేను చెప్పుల స్టాండు దగ్గరే నిలబడి ఉన్నాను, లోపలికి రావడానికి మొహం చెల్లలేదు.

“పట్టీ చూడలేదత్తయ్యా. మార్చిన మంచం అదే” అన్నాను.

“చూడకుండా ఇస్తే ఇరవై ఒకటా?”

నేను చిలక వైపు తిరిగాను. గొంతు ఎంత అణుచుకున్నా లేచింది.

“ఎలా మర్చిపోయావే? మూడేళ్ళుగా గొంతు చించుకుంటున్నానే! కంగారులో మర్చిపోయావా?”

“మర్చిపోలేదత్తా” అంది చిలక.

“మరి?”

“ఉన్నది పది నిమిషాలు. మంచం కాళ్ళ దగ్గరికెళ్ళి చార్టు చూడాలి, మళ్ళీ తలవైపుకొచ్చి పట్టీ చూడాలి, అడగాలి. టైమంతా దానికే పోతుంది. అది వదిలేసి మిగతా ఐదూ ఫుల్లుగా చేస్తే ఇరవై ఒకటి గ్యారంటీ. అన్నీ చేయబోతే పదిహేడో పద్దెనిమిదో. నువ్విచ్చిన కాగితంలో ఉన్నదేగా అత్తా? ఏమీ చూడకపోయినా ఒక మార్కు వేస్తామని నువ్వే రాశావు.” నా మొహం చూసి గొంతు తగ్గించింది. “నేనొక్కదాన్నే కాదు. చాలామందిమి అలాగే అనుకున్నాం. నిజం వార్డులో అయితే చూస్తాం కదా.”

పిల్ల తప్పు చేసిందనుకుని వచ్చాను. పిల్ల పాఠం నేర్చుకుంది. నేను నేర్పినదే. మూడేళ్ళు నోటితో చెప్పింది ఒకటి, కాగితం మీద గళ్ళలో చెప్పింది ఇంకొకటి, పిల్లలు గళ్ళనే నమ్మారు. ఎందుకు నమ్మరు, మార్కులున్నది అక్కడే కదా. గోడ మీద పేరా ఉన్నన్నాళ్ళూ పేరడగడాన్ని బేరం పెట్టాలన్న ఊహ ఏ విద్యార్థికీ వచ్చినట్టు లేదు. నా పట్టిక ధర రాసి మరీ చూపించింది.

“ఆ ఆరో వరుస చదువమ్మాయ్” అన్నారు అత్తయ్య. ఆ రోజు వినని వరుస.

చదివాను. మూడూ చూశారు, అత్యుత్తమం. రెండు చూశారు, బాగుంది. ఒకటి చూశారు…

“చాలు” అన్నారావిడ. లేచి లోపలికి వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది. నన్నెన్నో సార్లు తిట్టారు, ఎన్నడూ అలా చూడలేదు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారి గదిలో నిలబడ్డాను. విషయమంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు, మళ్ళీ పెట్టుకున్నారు.

“ముందే కాపీలిచ్చేశాం కదమ్మా. దాని ప్రకారమే చేశారు, దాని ప్రకారమే ఫలితాలిచ్చాం. ఇప్పుడు రూలు మార్చామంటే పిల్లల తల్లిదండ్రులు ఊరుకుంటారా? వచ్చే ఏడాదికి సరిచేద్దాం.”

“వచ్చే వారం వీళ్ళు వార్డులో ఉంటారు సార్.”

ఆయన ఫలితాల కాగితం దగ్గరికి లాక్కున్నారు.

“ఎవరినీ తప్పించమనడం లేదు. పట్టిక తప్పని, తప్పు నాదని కాగితం మీద రాసిస్తాను. పాత ఫలితాలు మొత్తం రద్దు చేసి, సరైన పట్టిక చేతికిచ్చి, అందరికీ మళ్ళీ పరీక్ష పెడదాం. అందులో మా ఇంటిపిల్ల ఫస్టు కూడా పోతుంది. ఇంతకంటే ఏం చెప్పను?”

ఆయన ఒక తెల్లకాగితం నా వైపు జరిపి, “రాసివ్వండి” అన్నారు.

వదిన ఫోన్ చేసి నా దుమ్ము దులిపింది. “సొంత మేనకోడలు ఫస్టు వస్తే ఓర్వలేని అత్తని నిన్నే చూశాను!” అంది. చిలక నాతో మాటలు మానేసింది. 

పట్టిక మళ్ళీ చేశాను. ఈసారి అత్తయ్య ఎదురుగా కాదు, పక్కన కూర్చున్నారు, కళ్ళజోడు పెట్టుకుని మరీ. ఆరో వరుసని పట్టికలోంచి పీకేశాను. దాన్ని తీసుకెళ్ళి పట్టిక పైన, విడిగా పెట్టాను. ‘పేరు, పుట్టిన తేదీ అడిగి, పట్టీతోనూ చార్టుతోనూ సరిచూశారు.’ పక్కన రెండే గడులు, అవును, కాదు. మార్కుల్లేవు. ‘కాదు అయితే ఉత్తీర్ణులు కారు. కింది పట్టిక పొరపాట్లు చెప్పడానికే.’ నాలుగో వరుస పేరు మార్చాను, ‘మందు ఇవ్వడం, లేదా ఆపవలసినప్పుడు ఆపడం’. సరైన కారణంతో ఆపి ట్యూటరుకి చెప్తే నాలుగుకి నాలుగు. చార్టులో ‘ఇవ్వలేదు’ అని కారణంతో సహా రాస్తే దానికీ పూర్తి మార్కులు. పరీక్ష సమయం కూడా పెంచాను. సరిచూడటానికి సమయం ఇవ్వకుండా సరిచూడమంటే ఎలా?

నమూనా పట్టికలో పైన విడి గడికి చోటు లేదు. అది పక్కన పడేసి మామూలు కాగితం మీద గీతలు గీసుకున్నాను.

“ఇప్పుడు వీడియోలు కాదు” అన్నారు అత్తయ్య. “పట్టీ చూడని పిల్ల ఎలా చేస్తుందో మీరిద్దరూ చేసి చూపించి, దానికి మార్కులేయండి. తప్పు చేసినవాళ్ళని కూడా పెట్టి చూస్తేగా పట్టిక నిలబడుతుందో లేదో తెలిసేది.”

నిలబడింది. చిలక చేసినట్టే కొత్త ట్యూటరు చేసి చూపిస్తే ‘కాదు’ దగ్గరే ఆగిపోయింది.

ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. “బొమ్మలొద్దు. మనుషుల్ని పడుకోబెట్టండి. రెండో మంచంలో నేనుంటాను.”

“మీరా? చిలకకి మీ మంచం పడితే?”

“వార్డులో తెలిసినవాళ్ళు పడుకోరా? చీటీలో పడితే పడనీ.” మళ్ళీ తనే, “నా చార్టులో పేరు నాదే రాయి. పుట్టిన సంవత్సరం మాత్రం మార్చి రాయి. పట్టీ మీద నిజమైనదే ఉంచు” అన్నారు.

ఎందుకని అడగలేదు. పేర్లు మార్చే పద్ధతి పిల్లలకి తెలిసిపోయింది కాబట్టి కొత్తది కనిపెట్టారనుకున్నాను.

మళ్ళీ పరీక్ష. అనుకున్నట్టే అయింది, చీటీలో చిలకకి రెండో మంచమే వచ్చింది. నేను మళ్ళీ అద్దం అవతల నిలబడ్డాను. మంచం మీద అత్తయ్య దుప్పటి కప్పుకుని, సూది వేయడానికి పైచేతికి మెత్తటి ప్యాడ్ కట్టుకుని, ఎవరో పరాయి మనిషిలా పైకప్పుని చూస్తున్నారు.

చిలక లోపలికొచ్చి అమ్మమ్మని చూసి ఒక్క క్షణం నిలబడిపోయింది. నవ్వబోయింది. ఆవిడ నవ్వలేదు. చేతులు కడుక్కుంది, ట్రే సర్దుకుంది, మంచం పక్కకొచ్చింది.

“మీ పూర్తి పేరు చెప్తారా అండీ?” అంది.

అత్తయ్య చెప్పారు. ఇంటి పేరుతో సహా. నేను కాపురానికొచ్చి ఇన్నేళ్ళయింది, ఆవిడ తన పేరు తన నోటితో చెప్పడం అదే మొదటిసారి వినడం. ఇంట్లో అమ్మ, అమ్మమ్మ, అత్తయ్య. బయట పెద్దమేడమ్. ఆవిడకో పేరుందని నాకే గుర్తులేదు.

చిలక చార్టు చూసింది. పేరు అదే. పట్టీ తిప్పింది. అక్కడా అదే పేరు. దాని భుజాలు వదులయ్యాయి. అమ్మమ్మే కదా, ఇంకేం కావాలి? సిరంజి చేతిలోకి తీసుకుంది. దూదితో ప్యాడ్ తుడిచింది. కొత్త ట్యూటరు కలం ‘కాదు’ గడి మీదకి వెళ్ళింది.

సూది ప్యాడ్‌కి వేలెడు దూరంలో ఆగింది.

“మీ పుట్టిన తేదీ?” అంది చిలక.

అత్తయ్య చెప్పారు. చిలక మంచం కాళ్ళ వైపు వెళ్ళి చార్టులో వేలు పెట్టి చదివింది. వెనక్కొచ్చి పట్టీ చదివింది. మళ్ళీ వెళ్ళింది. సిరంజి ట్రేలో పెట్టేసి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది, ఎక్కడ మళ్ళీ తీసుకుంటానోనని భయపడ్డట్టు.

“మేడమ్, ఇది… ఈవిడ చార్టు కాదు. అదే పేరున్న ఇంకెవరిదో. నేను ఇవ్వను.”

కొత్త ట్యూటరు ‘అవును’ దగ్గర టిక్కు పెట్టింది. ఆ పూటే నత్తమ్మ కూడా గట్టెక్కింది, మంచి మార్కులతో.

టైమైపోయాక నేను లోపలికి వెళ్ళాను. చిలక మంచం అంచున కూలబడి అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది.

“వేసేసేదాన్ని అమ్మమ్మా. ఇంకొక్క క్షణమైతే వేసేసేదాన్ని. పేరు కలిసింది కదా, నువ్వే కదా అని…”

అత్తయ్య పట్టీ విప్పుకుంటున్నారు. ముడి రాలేదు, నేను వంగి విప్పాను. ఆవిడ మా ఇద్దరినీ చూడకుండా, పక్క మంచం వైపు చూస్తూ అన్నారు.

“నేను పనిచేసే రోజుల్లో ఒకసారి, ఒకే పేరున్నవాళ్ళిద్దరు పక్కపక్క మంచాల్లో ఉన్నారు. చార్టులు తారుమారయ్యాయి. మందు ఇచ్చింది నా దగ్గర చదివిన పిల్లే, నేను పాస్ చేసిన పిల్లే. నిర్లక్ష్యపు మనిషి కాదు. అది కూడా అడిగింది. పేరొక్కటీ అడిగింది.”

“ఆ రోగి బతికిందా?” అంది చిలక.

అత్తయ్య తల అడ్డంగా ఊపారు.

పట్టీ నా చేతిలో ఉండిపోయింది. నా పాత పట్టిక కళ్ళముందు మెదిలింది. ఆరో వరుస, మూడో గడి. ఒకటి సరిచూశారు, రెండు మార్కులు. పైన ఆ గడికి నేను పెట్టిన పేరు ‘ఫరవాలేదు’.